ధరలు తగ్గకుండానే ద్రవ్యోల్బణం ఎలా తగ్గుతుంది?

2023 జులై చివర్లో మదనపల్లె మార్కెట్‌లో కిలో టమాటా దాదాపు 200 రూపాయలు పలికింది. ఆ నెల దేశంలో చిల్లర ద్రవ్యోల్బణం 7.44 శాతం. సరిగ్గా ఏడాదికి, 2024 జులైలో, అది 3.6 శాతం దరిదాపులకు దిగింది. ‘ద్రవ్యోల్బణం తగ్గుముఖం’ అని పేపర్లు రాశాయి. చదివినవాళ్లు మాత్రం కిరాణా బిల్లు చేతిలో పట్టుకుని ఎక్కడ తగ్గిందని అడిగారు.

అడగడంలో తప్పులేదు. ద్రవ్యోల్బణం అంటే ధర కాదు, ధర పెరిగే వేగం. వంద రూపాయల సరుకు ఒక ఏడాదిలో 108 అయితే ద్రవ్యోల్బణం 8 శాతం. మరుసటి ఏడాది 112కి చేరితే అది నాలుగు శాతంలోపే. అంకె సగానికి పడిపోయింది, సరుకు మాత్రం ఇంకో నాలుగు రూపాయలు ప్రియమైంది. దీనికి తోడు, పోలిక ఎప్పుడూ నిరుటి ఇదే నెలతోనే. నిరుడు టమాటా మండిపోయి ఉంటే, ఈ ఏడాది ఓ మోస్తరు ధర కూడా లెక్కలో చల్లగా కనిపిస్తుంది. 2024 జులైలో జరిగింది చాలావరకు అదే. దీన్నే బేస్ ఎఫెక్ట్ అంటారు. వార్తలో ఎక్కడో చివరి పేరాలో ఉంటుంది గానీ, అసలు సంగతి అక్కడే ఉంటుంది.

ఇంకో మెలిక ఉంది. అప్పటి చిల్లర ధరల సూచీలో తిండి, పానీయాల వాటా దాదాపు 46 శాతం. హైదరాబాద్‌లో అద్దె కట్టి, ఇద్దరు పిల్లలకు స్కూలు ఫీజులు కట్టే ఇంటి ఖర్చు ఆ పాళ్లలో ఉండదు. కూరగాయలు చవకైన నెలలో దేశం అంకె తగ్గినా ఆ ఇంటికి తేడా తెలియదు. రిజర్వు బ్యాంకు మాత్రం ఈ అంకెనే చూస్తుంది. లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు. అది దాటితే రెపో రేటు, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీది వడ్డీ, పెంచుతుంది, ఆ సెగ మన ఇంటి రుణం ఈఎంఐకి తగులుతుంది.

మాంద్యం అనే మాటను టీవీల్లో మరీ ధారాళంగా వాడేస్తున్నారు. వృద్ధి 8 శాతం నుంచి 6 శాతానికి దిగితే అది మందగమనం, అంతే. ఉత్పత్తి ముందున్న స్థాయి కంటే కుంచించుకుపోవాలి, అదీ వరసగా రెండు త్రైమాసికాలు. మన దేశంలో 2020లో లాక్‌డౌన్ వల్ల అలా జరిగింది: ఏప్రిల్-జూన్‌లో నిరుటి ఇదే కాలంతో పోలిస్తే దాదాపు 24 శాతం క్షీణత, ఆ తర్వాతి మూడు నెలల్లో తొలి అంచనా ప్రకారం 7.5 శాతం. అమెరికాలో ఈ సూత్రం అధికారికం కాదు. అక్కడ ఆర్థికవేత్తల కమిటీ ఒకటి ఉద్యోగాలు, ఆదాయాలు అన్నీ చూసి తేలుస్తుంది. 2022 మొదట్లో వరసగా రెండు త్రైమాసికాలు క్షీణత నమోదైనా ఆ కమిటీ మాంద్యం అనలేదు. అక్కడ పిల్లలు ఉద్యోగాలు చేస్తున్న తల్లిదండ్రులు ‘అమెరికాలో మాంద్యం’ అన్న స్క్రోలింగ్ చూసి కంగారుపడేముందు ఈ సంగతి చూసుకోవడం మంచిది.

ఇక లోటు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ఖర్చు రూ.50.65 లక్షల కోట్లు, అప్పులు కాకుండా వచ్చేది రూ.34.96 లక్షల కోట్లు. తేడా రూ.15.69 లక్షల కోట్లు. ఇదే ద్రవ్యలోటు, అంటే ఆ ఏడాది చేయబోయే అప్పు. జీడీపీలో 4.4 శాతం అని రాసేది దీన్నే. రెవెన్యూ లోటు వేరు. జీతాలు, పింఛన్లు, వడ్డీల వంటి రోజువారీ ఖర్చులకు కూడా రాబడి చాలకపోవడం అది. రోడ్డు వేయడానికి అప్పు చేస్తే రోడ్డయినా మిగులుతుంది, జీతాలివ్వడానికి చేస్తే వడ్డీ మిగులుతుంది. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు కేంద్రం నుంచి గ్రాంటు వచ్చింది ఈ రెండో లోటు పూడ్చడానికే. పాత అప్పుల మీద వడ్డీకే ఆ బడ్జెట్లో రూ.12.76 లక్షల కోట్లు పెట్టారు, అంటే ఖర్చులో పావలా వంతు. వాణిజ్య లోటుకు బడ్జెట్‌తో పనిలేదు, అది ఎగుమతుల కంటే ఎక్కువైన దిగుమతుల లెక్క.

సబ్సిడీ అనగానే చేతికొచ్చే డబ్బు అనుకుంటాం. గ్యాస్‌కైతే అది ఖాతాలో పడుతుంది. యూరియాకు అలా కాదు. 45 కిలోల బస్తాకు రైతు ఇచ్చేది సుమారు 266 రూపాయలు, తయారీకి అయ్యేది దానికి ఎన్నో రెట్లు. దుకాణంలో రైతు మిషన్ మీద వేలిముద్ర వేసి బస్తా తీసుకున్నాకే ఆ తేడా కంపెనీకి ముడుతుంది. రైతు పేరున రాసే సబ్సిడీలో రైతు ఖాతాకు రూపాయి కూడా రాదు.

అంకెల్లో సబ్సిడీని దాచడమూ తేలికే. రేషన్ బియ్యానికి అయ్యే ఖర్చుకూ అమ్మే ధరకూ ఉన్న తేడాను కేంద్రం ఏళ్లపాటు ధాన్యం సేకరించే భారత ఆహార సంస్థకు పూర్తిగా చెల్లించకుండా, చిన్న మొత్తాల పొదుపు నిధి నుంచి అప్పు తెచ్చుకోమంది. అప్పు సంస్థ పుస్తకాల్లో పడింది, బడ్జెట్ లోటు తక్కువగా కనిపించింది. 2020-21లో ఆ బాకీ తీర్చారు. కరోనా ఉచిత రేషన్ కూడా కలిసి, రూ.1.15 లక్షల కోట్లుగా రాసుకున్న ఆహార సబ్సిడీ సవరించిన అంచనాల్లో రూ.4.22 లక్షల కోట్లకు ఎగబాకింది. ఆ ఏడాది ద్రవ్యలోటు 9 శాతం దాటడంలో ఈ పాత బాకీ పాత్ర కూడా ఉంది.