మోబియస్ రూపాంతరాలు: అర్ధతలాన్ని డిస్క్‌గా మార్చడం

ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం, కాంప్లెక్స్ ఎనాలిసిస్ క్లాసు నోట్సు

నిన్న క్లాసు చివర్లో ఒక ప్రశ్న వచ్చింది. "గీతకు చివర లేదు, వృత్తం చుట్టూ మూసుకుని ఉంటుంది. ఒకటి ఇంకొకటిగా ఎలా మారుతుందండీ?" మంచి ప్రశ్న. దీనికి సమాధానం సరిగ్గా పట్టుకుంటే ఈ పాఠంలో మిగతాదంతా దానంతటదే వస్తుంది.

a, b, c, d సంకీర్ణ సంఖ్యలు, ad − bc ≠ 0 అయినప్పుడు

w = (az + b)/(cz + d)

అనేదే మోబియస్ రూపాంతరం. మన సిలబస్‌లో దీన్ని బైలీనియర్ రూపాంతరం అంటారు. ad − bc = 0 అయితే లవం హారానికి స్థిర గుణిజమైపోయి, ప్రతి z నుంచీ ఒకే విలువ వస్తుంది. ఆ షరతు పెట్టింది అందుకే.

హారం సున్నా అయ్యే చోట, అంటే z = −d/c దగ్గర, w విలువ ∞ అని తీసుకుంటాం. z = ∞ దగ్గర w = a/c. నిన్నటి ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉంది. సంకీర్ణ తలానికి ∞ అనే ఒక్క బిందువును కలిపితే, గీత రెండు కొసలూ ఆ ఒక్క బిందువు దగ్గరే కలుసుకుంటాయి. అంటే గీత కూడా ∞ గుండా పోయే వృత్తమే. ఇకపై "వృత్తం" అన్నప్పుడల్లా గీతలను కూడా కలుపుకునే అంటున్నాను. లైప్‌జిగ్‌లో ఖగోళ శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన మోబియస్ 1855లో ఈ సంబంధానికి జర్మన్‌లో పెట్టిన పేరుకు అర్థం "వృత్తాల బంధుత్వం". నాకు చాలా ఇష్టమైన పేరు ఇది.

వృత్తం వృత్తంగానే ఎందుకు మిగులుతుంది?

c ≠ 0 అయితే భాగహారం చేసి ఇలా రాయొచ్చు:

w = a/c + (bc − ad)/(c(cz + d))

అంటే z ని c తో గుణించడం, d కలపడం, తలకిందులు చేయడం (1/z), మళ్ళీ ఒక సంఖ్యతో గుణించడం, ఇంకో సంఖ్య కలపడం. కూడిక బొమ్మను జరుపుతుంది. గుణకారం దాన్ని తిప్పి, పెద్దదో చిన్నదో చేస్తుంది. ఈ రెండింటికీ వృత్తం వృత్తంగానే ఉంటుందని వేరే చెప్పక్కర్లేదు. 1/z ఒక్కటే చూడాలి.

ఏ వృత్తాన్నైనా, ఏ గీతనైనా ఈ సమీకరణంతో రాయొచ్చు:

A z z̄ + B̄ z + B z̄ + C = 0

A, C వాస్తవ సంఖ్యలు, |B|² > AC. A = 0 అయితే గీత; C = 0 అయితే మూలబిందువు గుండా పోయే వృత్తం. ఇప్పుడు z = 1/w పెట్టి, మొత్తాన్ని w w̄ తో గుణించండి:

C w w̄ + B w + B̄ w̄ + A = 0

రూపం అదే. A, C స్థానాలు మారాయి, B స్థానంలో దాని సంయుగ్మం వచ్చింది. |B|² − AC విలువ చెక్కుచెదరలేదు. నిరూపణ ఇంతే! A, C తారుమారు కావడాన్ని ఒకసారి తీరిగ్గా చూడండి. మూలబిందువు గుండా పోయే వృత్తం (C = 0) గీత అవుతోంది, గీత (A = 0) మూలబిందువు గుండా పోయే వృత్తం అవుతోంది. సాధారణ మోబియస్‌కు వచ్చేసరికి మూలబిందువు స్థానంలో −d/c ఉంటుంది. ఏ వృత్తమైనా −d/c గుండా పోతే దాని ప్రతిబింబం గీత, పోకపోతే మామూలు వృత్తం.

ఇక్కడ ఏటా జవాబు పత్రాల్లో కనిపించే తప్పు ఒకటుంది: వృత్త కేంద్రం కొత్త వృత్త కేంద్రానికే పోతుందనుకోవడం. |z − 2| = 1 తీసుకుని 1/z వేయండి. వ్యాసం కొసలు 1, 3 కాస్తా 1, 1/3 అవుతాయి. కొత్త కేంద్రం 2/3. పాత కేంద్రం 2 మాత్రం 1/2 కి పోయింది. మోబియస్ రూపాంతరం కేంద్రాన్ని కాపాడదు. అది కాపాడేది సౌష్ఠవ బిందువుల జతలను. గీత విషయంలో సౌష్ఠవ బిందువులంటే అద్దంలో బింబం, ప్రతిబింబం లాంటివి. యూనిట్ వృత్తం విషయంలో p కి జత 1/p̄. కాబట్టి 0 కి జత ∞. కింది లెక్క మొత్తం దీని మీదే నడుస్తుంది.

లెక్క

x + y > 2 అనే అర్ధతలాన్ని |w| < 1 మీదికి పంపే మోబియస్ రూపాంతరం కనుక్కోండి. 2 + 2i బిందువు 0 కి, 2 బిందువు 1 కి పోవాలి.

మొదట 2 + 2i కి x + y = 2 గీతలో ప్రతిబింబం కావాలి. బొమ్మ గీసుకోండి. గీతకు లంబంగా కొడితే 1 + i దగ్గర తగులుతుంది. అంతే దూరం అవతలికి వెళితే 0. 2 + 2i బిందువు 0 కి పోతున్నప్పుడు, దాని జత అయిన z = 0 బిందువు ∞ కి పోక తప్పదు. కాబట్టి

w = λ(z − 2 − 2i)/z

గీత మీది ప్రతి బిందువూ 2 + 2i కి, 0 కి సమాన దూరంలో ఉంటుంది. అంటే గీత మీద |w| = |λ|. ఇది 1 కావాలంటే |λ| = 1. ఇక z = 2 పెడితే w = λ(−2i)/2 = −iλ. ఇది 1 కావాలి, కనుక λ = i.

w = i(z − 2 − 2i)/z = (iz + 2 − 2i)/z

ఏ వైపు ఎటు పోయిందో ఊహకు వదలొద్దు. |w| < 1 అంటే |z − 2 − 2i| < |z|. రెండు వైపులా వర్గం చేస్తే

(x − 2)² + (y − 2)² < x² + y²

కొట్టివేతల తర్వాత మిగిలేది −4x − 4y + 8 < 0, అంటే x + y > 2. అర్ధతలం మొత్తం డిస్క్ లోపలికే వెళ్ళింది, మిగిలింది బయటికి వెళ్ళింది.

సరిహద్దు మీద బిందువులు వరసగా చూడండి: 2i పోయి −1 అవుతుంది, 1 + i పోయి −i, 2 పోయి 1, ∞ పోయి i. గీత మీద 2i నుంచి 2 వైపు నడిచేవాడికి మన అర్ధతలం ఎడమచేతి వైపు ఉంటుంది. అదే వరసలో వృత్తం మీద −1, −i, 1, i అంటూ తిరిగేవాడికి డిస్క్ కూడా ఎడమచేతి వైపే. వరస ఇలా కుదరకపోతే ఎక్కడో గుర్తు తప్పింది, వెనక్కి వెళ్ళి చూసుకోండి.

కోణాలు కూడా మారవు. y = x గీత z = 0 గుండా పోతుంది కాబట్టి దాని ప్రతిబింబం గీత కావాలి. అది 0, −i, i ల గుండా పోతుంది, అంటే w తలంలో కల్పిత అక్షం. అక్కడ y = x మన సరిహద్దుకు లంబం, ఇక్కడ వ్యాసం వృత్తానికి లంబం. y = 2 గీత మాత్రం 0 గుండా పోదు, కనుక అది −1, 0, i గుండా పోయే వృత్తమైంది. దాని కేంద్రం (−1 + i)/2. పాత గీతలు y = 2, x + y = 2 రెండూ 45° లో ఉన్నాయి. కొత్త వృత్తం i దగ్గర యూనిట్ వృత్తాన్ని ఏ కోణంలో ఖండిస్తుందో మీరే కొలవండి.

ఇంజినీరింగ్ చదివే తమ్ముళ్ళో చెల్లెళ్ళో ఉంటే వాళ్ళ స్మిత్ చార్ట్ అడిగి తీసుకుని చూడండి. ఆ గుండ్రటి కాగితం మీద ఉన్నది (z − 1)/(z + 1) అనే రూపాంతరమే. నిరోధం రుణాత్మకం కాని కుడి అర్ధతలం మొత్తం ఒక డిస్క్‌లో ఒదిగిపోయింది. అందులో కనిపించే వంపు గీతలన్నీ ఒకప్పటి నిలువు, అడ్డ గీతలే.

రేపటికి: Re z < 3 అర్ధతలాన్ని |w| < 1 మీదికి, 1 ని 0 కి, 3 ని −1 కి పంపే రూపాంతరం కనుక్కుని రండి. 1 కి ప్రతిబింబం ఎక్కడుందో ముందు చూసుకోండి.