దుయ్: సరస్సు మీద సరస్సు

బుజ్జీ,

నిన్న రాత్రి నువ్వు వేసిన నాణేల లెక్క చూశాను. కింది నుంచి పైకి 7, 9, 6, 7, 7, 8. ఒక్కో వరుసకి మూడు నాణేలు వేసి, బొమ్మకి 3, బొరుసుకి 2 చొప్పున సరిగ్గానే కూడావు. వచ్చింది పాత చైనా గ్రంథం ఐ చింగ్‌లోని 58వ హెక్సాగ్రామ్, అంటే ఆరు గీతల గుర్తు, పేరు దుయ్. ఆనందం అని అర్థం. నీ ప్రశ్న నాకు నచ్చింది: "ఆదివారం బ్యాడ్మింటన్‌లో నా పార్ట్‌నర్‌తో నడుస్తున్న ఈ సరదా మాటల్ని నేనెలా తీసుకోవాలి?" ప్రేమా కాదా అని అడగలేదు, పెళ్ళి దాకా వెళ్తుందా అని అడగలేదు. ఐ చింగ్ కూడా నువ్వు అడిగినంతకే జవాబిచ్చింది. నేనూ అంతకే పరిమితమవుతాను.

దుయ్ అంటే సరస్సు. ఇక్కడ సరస్సు మీద సరస్సు ఉంది. ఒక్కో దాంట్లో కింద రెండు నిండు గీతలు, వాటి మీద నడుమ తెగిన గీత ఒకటి. ఆ తెగిన గీతని తెరిచిన నోరుగా చూస్తారు. మాట, నవ్వు, చివరి కూతురు, అన్నీ దుయ్ కిందికే వస్తాయి. ఆ చైనా అక్షరానికి మాట గుర్తు చేరిస్తే 'చెప్పడం' అవుతుంది, మనసు గుర్తు చేరిస్తే 'సంతోషించడం' అవుతుంది. నీకూ అతనికీ మధ్య నడుస్తున్నది ఈ రెంటి మధ్యే కదా!

పాత వ్యాఖ్యానంలో దుయ్ గురించి చిన్న మాట ఒకటుంది: నడుమ గట్టి, బయట మెత్తన. ఈ హెక్సాగ్రామ్ చదివేటప్పుడు నేను ముందుగా చూసేది ఇదే. పైన నవ్వు మెత్తగా ఉండొచ్చు, ఉండాలి కూడా. ఆ నవ్వు కింద కాలు ఆనే నేల ఉందా లేదా అన్నదే లెక్క.

ఇక నీ గీతలు. 9 గానీ 6 గానీ పడిన గీతే మారుతుంది. నీకు మారే గీతలు రెండు: రెండోది, మూడోది. రెండో వరుసలో మూడూ బొమ్మలే పడ్డాయి, మూడో వరుసలో మూడూ బొరుసులే. పక్కపక్కనే ఉన్నాయి గానీ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు.

రెండో గీత మాట: "నమ్మకమైన ఆనందం. శుభం. పశ్చాత్తాపం పోతుంది." నమ్మకం అని నేను రాసిన చోట మూలంలో 'ఫు' అనే అక్షరం ఉంది. దాని రూపంలో పైన పక్షి కాలు, కింద పిల్ల కనిపిస్తాయి. గుడ్డు పొదగడం అని పాత వివరణ. కోడి గుడ్ల మీద ఎలా కూర్చుంటుందో చూశావుగా. ఎవరూ చూడకపోయినా అలాగే కూర్చుంటుంది. లోపల ప్రాణం ఉందని దానికి తెలుసు.

మూడో గీత మాట చాలా చిన్నది: "వచ్చే ఆనందం. అశుభం." వచ్చే అంటే బయటి నుంచి వచ్చి పడేది. ఈ చోటు నిండు గీత ఉండాల్సిన చోటు, అక్కడ తెగిన గీత ఉంది. లోపల ఖాళీ ఉంటే బయటి నుంచి ఏదో ఒకటి వచ్చి నిండుతుంది. పొగడ్త పని చేసేది ఆ ఖాళీలోనే.

ఇప్పుడు నీ ఉత్తరంలోవే రెండు సంగతులు తీసుకుంటాను. మొదటిది, పోయిన నెలలో నువ్వు కొట్టిన స్మాష్ నెట్‌కి తగిలి పడిపోతే అతను చప్పట్లు కొట్టి "సూపర్ షాట్ అండీ, మీలా ఆడేవాళ్ళు ఈ కోర్టులోనే లేరు" అన్నాడు. నువ్వు ఇంటికెళ్ళే దాకా ఆ మాటే తలుచుకున్నావు. రెండోది, పోయిన వారం. "మీరు సర్వ్ చేసే ముందు ఎడమ కాలు కొంచెం జరుపుతున్నారు, అవతలివాళ్ళు కనిపెట్టేస్తున్నారు" అన్నాడు. నీకు కోపం వచ్చింది. కాలు ఆపి సర్వ్ చేశావు, పాయింట్ వచ్చింది. ఇద్దరూ రాకెట్లు కింద పడేసి నవ్వారు. ఈ రెండో సంగతిని నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేశావు. మొదటిదానికి మాత్రం అర పేజీ రాశావు.

బుజ్జీ, రెండో గీత ఆ ఎడమ కాలు సంగతి. అతను నీ ఆటని చూశాడు. చూడకపోతే ఆ మాట అనలేడు. దుయ్ చిత్రం గురించి గ్రంథం చెప్పేది కూడా ఇదే: ఒకదానికొకటి ఆనుకున్న సరస్సులు, స్నేహితులతో కలిసి చర్చించి సాధన చేసే మనిషి. నిజంగా సాధన అనే మాటే ఉంది అక్కడ! ఆ నవ్వులో సరసం కూడా ఉంది, నేను కాదనను. దాని కింద నేల ఉంది.

సూపర్ షాట్ అన్న మాట మూడో గీతది. నెట్‌లో పడిన షాట్‌కి ఆ మాట ఎవరితోనైనా అనొచ్చు. అలాగని అతన్ని మోసగాడని నేను అనడం లేదు, అలా చదవకు. చాలామంది మర్యాదకీ బెరుకుకీ అలాంటివి అనేస్తారు. మనిషి అతనొక్కడే, మాటలే రెండు రకాలు.

ఇంకో సంగతి ఉంది, అదే నాకు ముఖ్యం అనిపించింది. మారిన రెండు గీతలూ కింది సరస్సులోవే. కింది ట్రైగ్రామ్, అంటే కింది మూడు గీతలు, అడిగినవాళ్ళది, పైది ఎదుటివాళ్ళది. అతని వైపు ఏ గీతా కదల్లేదు. కాబట్టి నువ్వు అతని మనసు గురించి అడిగాననుకున్నా, జవాబు నీ చెవి గురించి వచ్చింది. ఆఫీసులో ఈ ఏడాది నీ పనిని ఎవరూ పట్టించుకోలేదని రాశావు. ఆ ఖాళీ నిజమే, బాధ కూడా నిజమే. అది నిండాలని నువ్వు కోర్టుకి వెళ్ళిన రోజున అతను ఏమన్నా తియ్యగానే వినిపిస్తుంది, నిజమేదో పైపూత ఏదో తెలియదు. సరదాగా ఆడటానికి వెళ్ళిన రోజున తేడా దానంతటదే తెలుస్తుంది.

మిగతా గీతలు కదల్లేదు కాబట్టి వాటి జోలికి పోను. ఆరో గీత ఒక్కటి గుర్తుంచుకో, "లాగే ఆనందం" అంటుంది, శుభమో అశుభమో చెప్పకుండా ఆగిపోతుంది. నీకు ఇంకా అంత దూరం రాలేదు.

హెక్సాగ్రామ్ నడిమి గీతల్లో దాగి ఉండేది 37వది, కుటుంబం. పేరు చూసి టెన్షన్ పడకు, పెళ్ళి అని కాదు. అందులో నాకు పనికొచ్చిన మాట వేరే ఉంది: మాటలో పదార్థం ఉండాలి, నడతలో నిలకడ ఉండాలి. ఎడమ కాలు మాటలో పదార్థం ఉంది. నిలకడ తెలియడానికి ఇంకొన్ని ఆదివారాలు కావాలి.

రెండు గీతలూ మారితే వచ్చేది 49, గె. మార్పు. జంతువు పాత తోలు వదిలే లాంటి మార్పు. "దాని రోజు వచ్చినప్పుడే నమ్ముతారు" అంటుంది. అక్కడ కూడా అదే 'ఫు', రెండో గీతలో ఉన్న 'పశ్చాత్తాపం పోతుంది' కూడా మళ్ళీ అదే మాటల్లో వస్తుంది. నాణేలు వేసే ఇన్నేళ్ళలో ఇంత సూటిగా కలిసిన జవాబులు నేను తక్కువ చూశాను. ఈ సరసం పోవాలని అది అనడం లేదు. దాని మీది తోలు మారుతుంది, తొందరపెట్టకు అంటోంది.

ఈ ఆదివారం ఒక పని చెయ్యి. మళ్ళీ సూపర్ షాట్ అంటే నవ్వుతూనే "నెట్‌లో పడింది కదండీ, ఎక్కడ తప్పింది?" అని అడుగు. కోపంగా కాదు, సరదాగానే. అతను మణికట్టు గురించో, నువ్వు నిలబడిన చోటు గురించో చెప్తే, విని మళ్ళీ కొట్టి చూడు. "అయ్యో, మీకేం తక్కువండీ" అని ఇంకో పొగడ్త వేస్తే, దానికీ నవ్వేసి షటిల్ అందుకో.

అప్పటిదాకా ఇదే ప్రశ్నకి మళ్ళీ నాణేలు వేయకు. మొదటిసారి అడిగితే చెప్తాను, రెండోసారీ మూడోసారీ అడిగితే చెప్పను అని నాలుగో హెక్సాగ్రామ్‌లో గ్రంథమే అంటుంది. ఆట అయ్యాక ఫోన్ చెయ్యి, మెలకువగానే ఉంటాను.

అక్క