ఆది జాకెట్టు

నాన్న పాంప్లెట్‌లో పైనే 'స్త్రీల వస్త్రములు నవీన రీతిలో కుట్టబడును' అని ఉంది. శ్రావణమాసం ముందు వెయ్యి కాపీలు వేయించాలి, దిద్దమని నాకిచ్చాడు. నేను స్టైలుగా 'కస్టమ్ ఫిట్టింగ్' అని చేర్చి, మర్నాడు మిషన్ పక్కన కూర్చుని హుక్కులు కుడుతూ విన్నాను. ఒక్కరంటే ఒక్కరు ఆ మాట అనలేదు! "చంకల దగ్గర పట్టేస్తోందయ్యా, లోపల గుడ్డ ఉంటే ఒక కుట్టు విప్పు" అంది ఒకావిడ. ఇంకొకామె సంచిలోంచి పాత జాకెట్టు తీసి, "ఇదే ఆది, చేతులు మాత్రం అంగుళం పొడుగు పెట్టన్నా, పెళ్లి ఆదివారమే" అని, చీర కూడా ఫాల్‌కిచ్చి పోయింది.

ఆ రాత్రి పాంప్లెట్‌లో ఉన్నదంతా కొట్టేసి, కొత్తగా రాశాను: 'ఆది జాకెట్టు తెస్తే చాలు. పట్టేస్తే వదులు చేస్తాం. ఫాల్, పీకో కూడా.'

నాన్న చదివి, "ఇది పాంప్లెట్టా, మన కొట్లో కబుర్లా?" అన్నాడు. కాసేపాగి పెన్ను లాక్కుని కింద తనే రాశాడు: 'హుక్కు ఊడితే ఊరికే కుడతాం.'