ఏడో క్లాజు, ఎనిమిదో క్లాజు: బాబాయ్ కోసం తెలుగులో

బాబాయ్, మీరు ఫోటోలు తీసి పంపిన అగ్రిమెంట్ రాత్రి కూర్చుని రెండుసార్లు చదివాను. పద్నాలుగు క్లాజుల్లో చాలావరకు అందరూ రాసుకునేవే, వాటి గురించి టెన్షన్ పడక్కర్లేదు. మీ డబ్బు ఉన్నది మాత్రం ఏడో క్లాజులో (అడ్వాన్స్), ఎనిమిదో క్లాజులో (ఖాళీ చేసేముందు ఇవ్వాల్సిన నోటీసు). ఆ రెండూ పూర్తిగా తెలుగులో రాశాను. దస్తావేజుల్లో ఉండే "చెల్లించవలెను, బాధ్యులై యుండవలెను" భాష వద్దనుకుని మనం ఇంట్లో మాట్లాడుకున్నట్టే రాశాను, కానీ అర్థం ఎక్కడా తగ్గించలేదు, పెంచలేదు. ఇంగ్లీషులో లెస్సర్ అని ఉన్నచోట ఓనరు అనీ, లెస్సీ అని ఉన్నచోట మీరు అనీ పెట్టాను, ఎందుకంటే ఆ రెండు మాటలూ ఒకేలా ఉండి చదివేవాళ్లు తారుమారు చేసుకుంటుంటారు. పిన్నికి కూడా చదివి వినిపించండి.

ఏడో క్లాజు: అడ్వాన్స్

7.1. మీరు ఓనరుకు 54,000 రూపాయలు అడ్వాన్స్‌గా ఇస్తున్నారు. నెలకు 18,000 చొప్పున ఇది మూడు నెలల అద్దెకు సమానం. మీరు ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఈ డబ్బు ఓనరు దగ్గరే ఉంటుంది. దీనికి వడ్డీ ఇవ్వరు.

7.2. ఈ అడ్వాన్స్‌ను ఏ నెల అద్దె కిందా సరిపెట్టుకోమని మీరు అడగకూడదు. చివరి నెలల అద్దెకు కూడా ఇదే వర్తిస్తుంది.

7.3. మీరు ఇల్లు ఖాళీ చేసి తాళాలు చేతికిచ్చిన రోజు నుంచి 30 రోజుల్లోపు ఓనరు అడ్వాన్స్ తిరిగి ఇవ్వాలి. అలా ఇచ్చేముందు మీరు బాకీ ఉన్న అద్దె, మెయింటెనెన్స్, కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు, మీ వల్ల ఇంటికి జరిగిన నష్టాన్ని బాగుచేయించడానికి అయ్యే ఖర్చు అందులోంచి పట్టుకోవచ్చు. రోజువారీ వాడకంలో మామూలుగా వచ్చే అరుగుదలకు మాత్రం డబ్బు పట్టుకోకూడదు. నష్టం ఎంత జరిగిందో తేల్చేది ఓనరే.

7.4. ఇంటికి రంగులు వేయించడానికి, శుభ్రం చేయించడానికి ఒక నెల అద్దె, అంటే 18,000 రూపాయలు, అడ్వాన్స్‌లోంచి పట్టుకుంటారు. మీరు ఎన్నాళ్లు ఉన్నా ఇది తప్పదు.

ఇక్కడ కొంచెం ఆగండి. 7.2 చాలామంది చూడకుండా దాటేసే వాక్యం. మన దగ్గర అలవాటు ఏమిటంటే, ఖాళీ చేస్తామని చెప్పి ఆఖరి రెండు నెలలు అద్దె కట్టడం మానేస్తాం, "అడ్వాన్స్ ఉంది కదండీ, అందులో పట్టుకోండి" అంటాం, ఓనర్లు కూడా చాలామంది సరే అంటారు. ఈ అగ్రిమెంట్‌లో అలా కుదరదు. చివరి నెల వరకు అద్దె చేతినుంచి కట్టాల్సిందే, తాళాలు ఇచ్చాక నెల లోపు మిగిలింది తీసుకోవాలి. అంటే కొత్త ఇంటి ఖర్చులకో, తిరుగు ప్రయాణం సామాన్ల లారీకో ఈ అడ్వాన్స్ అందుతుందని లెక్కేసుకోకండి.

7.3లో "ఇవ్వాలి", "పట్టుకోవచ్చు" అని వేరువేరుగా రాసింది కావాలనే. ఇంగ్లీషులోనూ అక్కడ రెండు వేరు మాటలున్నాయి. తిరిగి ఇవ్వడం ఓనరు బాధ్యత, పట్టుకోవడం ఆయన ఇష్టం. నాకు నచ్చనిది ఆ పేరా చివరి వాక్యం. అరుగుదలకు డబ్బు పట్టుకోకూడదని ఒక చేత్తో ఇచ్చి, నష్టం ఎంతో తేల్చేది తానేనని ఇంకో చేత్తో తీసేసుకున్నారు. అరుగుదల అంటే ఎండకు వెలిసిన గోడ రంగు, కుళాయిలో అరిగిన వాషరు, తలుపు గడియ దగ్గర గీతలు, ఇలాంటివి. నష్టం అంటే పగిలిన సింకు, ఊడదీసిన టైలు, గోడకు లెక్కలేనన్ని మేకులు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ కూడా ఈ తేడా గుర్తిస్తుంది: ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలా అప్పగించాలి, కానీ మామూలు అరుగుదలను మినహాయించి. నిజాంపేటలో నేను ఇదివరకు ఉన్న ఫ్లాట్ ఖాళీ చేసినప్పుడు 40,000 అడ్వాన్స్‌లో 22,000 "డ్యామేజీ" అని పట్టుకున్నారు, ఏ డ్యామేజీ అంటే జవాబు లేదు, బిల్లు అడిగితే లేదు. ఆ అగ్రిమెంట్‌లో బిల్లు చూపించాలన్న మాట లేకపోవడంతో ఊరుకోవాల్సి వచ్చింది. మీకు అలా జరగకూడదు.

ఎనిమిదో క్లాజు: గడువు, నోటీసు

8.1. మొదటి ఆరు నెలలు, అంటే 2026 జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు, మీరు ఇల్లు ఖాళీ చేయకూడదు. ఈలోపు ఖాళీ చేస్తే అడ్వాన్స్ మొత్తం ఓనరుకే పోతుంది, మీకు ఏమీ తిరిగి రాదు.

8.2. ఆ ఆరు నెలలు గడిచాక మీరు ఖాళీ చేయదలచుకుంటే రెండు పూర్తి నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. ఓనరు మిమ్మల్ని ఖాళీ చేయమనాలంటే ఒక పూర్తి నెల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. ఆరు నెలల గడువు ముగియకముందు మీరు ఇచ్చిన నోటీసు చెల్లదు.

8.3. నోటీసు ఏ తేదీన ఇచ్చినా, నెలల లెక్క ఆ తర్వాత వచ్చే నెల ఒకటో తేదీ నుంచి మొదలవుతుంది.

8.4. మీరు ఇచ్చిన నోటీసు రెండు నెలలకు తక్కువైతే, ఎన్ని నెలలు తక్కువైతే అన్ని నెలల అద్దె అడ్వాన్స్‌లోంచి పట్టుకుంటారు.

8.5. నోటీసు కాలంలో కూడా మీరు అద్దె కడుతూ ఉండాలి. ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లను, ముందుగా చెప్పి వస్తే, లోపలికి రానివ్వాలి.

8.6. పదకొండు నెలలు పూర్తయ్యాక, అంటే 2027 ఏప్రిల్ 30న, ఖాళీ చేయాలన్నా పైన చెప్పిన నోటీసు ఇవ్వాల్సిందే.

చదువుతుంటే మామూలుగానే అనిపిస్తుంది, కానీ 8.1, 8.2, 8.3 మూడూ కలిపి క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూడండి. ఆరు నెలలు అయ్యేదాకా నోటీసు ఇవ్వడానికే లేదు. కాబట్టి మీరు అన్నిటికంటే ముందు నోటీసు ఇవ్వగలిగేది డిసెంబర్ 1న. ఒకటో తేదీన ఇచ్చినా లెక్క జనవరి నుంచే మొదలు, అంటే జనవరి, ఫిబ్రవరి పూర్తిగా ఉండి ఫిబ్రవరి 28న ఖాళీ చేయాలి. ఆరు నెలలు అని రాసింది నిజానికి తొమ్మిది నెలలు.

చెల్లి పురుడు ఆగస్టులో, పాపాయికి కాస్త నెలలు నిండాక సంక్రాంతికి రాజమండ్రి వెళ్లిపోదామని కదా మీ ఆలోచన. ఈ రాత ప్రకారం డిసెంబర్ 1న నోటీసు ఇచ్చి డిసెంబర్ 31న సామాను సర్దుకుని వెళ్లిపోతే, జనవరి, ఫిబ్రవరి అద్దె 36,000 పట్టుకుంటారు, రంగులకు 18,000 పట్టుకుంటారు, 54,000లో మీ చేతికి వచ్చేది సున్నా. ఏ నెల అద్దె ఎగ్గొట్టకుండా, గోడకు ఒక్క మేకు కొట్టకుండా ఉన్నా సరే సున్నానే. ఓనరు మంచాయన, మాటమీద నిలబడే మనిషి అని మీరు ఫోన్‌లో చెప్పారు, నేను కాదనను, కానీ రేపు తేడా వస్తే కాగితం మీద ఉన్నదే లెక్క.

చట్టం చూస్తే, విడిగా ఏమీ రాసుకోకపోతే నెలవారీ అద్దె ఇంటికి అదే ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు సరిపోతుంది. మనం రాసుకుంటున్నాం కాబట్టి మనకు రాసుకున్నదే వర్తిస్తుంది. పదకొండు నెలలే ఎందుకని పిన్ని అడిగిందట, రిజిస్ట్రేషన్ ఖర్చూ తిరుగుడూ ఉండకూడదని అందరూ పదకొండుకే ఆపుతారు. అందులో మోసమేమీ లేదు.

ఓనరును అడగాల్సినవి కింద రాశాను. ఇవి గొంతెమ్మ కోరికలు కావు, ఇల్లు నచ్చింది, మీరు కూడా ఆయనకు నచ్చారు, సంతకానికి ముందు అడిగితే సగానికి పైగా ఒప్పుకుంటారు. అన్నిటికంటే ముఖ్యం మొదటిది, మిగతావి ఒప్పుకోకపోయినా దాన్ని మాత్రం వదలకండి.

"ఆరు నెలల గడువు నడుస్తుండగా కూడా అద్దెకున్నవారు నోటీసు ఇవ్వవచ్చు. అయితే ఖాళీ చేసేది ఆ గడువు ముగిశాకే." ఈ ఒక్క మాట చేరితే మీరు అక్టోబర్ 31లోపు నోటీసు ఇచ్చి, నవంబర్, డిసెంబర్ అద్దె కట్టి, డిసెంబర్ 31న ఖాళీ చేసి 36,000 వెనక్కి తీసుకోవచ్చు.

"నోటీసు ఇద్దరికీ రెండు నెలలు." మీకు రెండు, ఆయనకు ఒకటి ఏమిటి? పసిబిడ్డ ఉన్న ఇంట్లో నెలరోజుల్లో వేరే ఇల్లు వెతుక్కోమంటే ఎవరికి కుదురుతుంది? పైగా 8.1 మిమ్మల్ని ఆపుతోంది గానీ ఆయన్ని ఆపడం లేదు. మొదటి ఆరు నెలలు ఆయన కూడా ఖాళీ చేయమనకూడదని చేర్చమనండి.

"నష్టం కింద పట్టుకునే ప్రతి రూపాయికీ బిల్లు చూపించాలి." నష్టం తేల్చేది ఓనరే అన్న వాక్యం తీసేసి దాని చోట ఇది పెట్టమనాలి.

"ఏడాది కంటే తక్కువ ఉంటే రంగుల ఖర్చు సగమే." ఇది ఒప్పుకుంటే ఇంకో 9,000 మిగులుతుంది, ఒప్పుకోకపోతే పట్టుపట్టకండి.

నోటీసు "రాతపూర్వకంగా" అంటే వాట్సాప్ చాలా, ఉత్తరమే పంపాలా అన్నది అగ్రిమెంట్‌లో లేదు. "వాట్సాప్‌లో లేదా సంతకం చేసిన ఉత్తరంగా" అని చేర్చమందాం. చేర్చకపోతే సమయం వచ్చినప్పుడు నేనే ఉత్తరం రాసిస్తాను, మీరు సంతకం చేసి ఒక కాపీ మీద ఓనరు చేత "ముట్టింది" అని తేదీతో రాయించుకోండి.

అడ్వాన్స్ చేతికి ఇవ్వకండి, బ్యాంకు నుంచి ఆయన ఖాతాకే పంపండి. సామాను దించకముందు ప్రతి గదీ, బాత్రూం, వంటగట్టు, సింకు కింద తడి ఉంటే అదీ, కరెంటు మీటరు రీడింగుతో సహా వీడియో తీసి అదేరోజు ఓనరుకు వాట్సాప్‌లో పంపండి. పంపితేనే తేదీ నిలుస్తుంది.

ఆదివారం పొద్దున పదింటికి కూకట్‌పల్లి వస్తాను. ఆ మార్పుల్ని ఇంగ్లీషులో కూడా రాసి ప్రింటు తెస్తాను, ఓనరుతో మాట్లాడేటప్పుడు పక్కనే ఉంటాను. నేను వచ్చేదాకా సంతకం పెట్టకండి బాబాయ్, టోకెన్ అని ఎవరైనా అడిగినా ఆగమనండి.