మన పాఠశాలకు ఒకే పాఠ్య ప్రణాళిక నమూనా: ప్రధానోపాధ్యాయురాలి ప్రసంగం

ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం.

వేసవి సెలవులు ముగిశాయి. రేపు ఉదయం నుంచి పిల్లలు తరగతుల్లో ఉంటారు. వారు వచ్చేలోగా మనమందరం ఒక నిర్ణయం మీద కలిసి నిలబడాలన్న ఉద్దేశంతో ఈ సమావేశం ఏర్పాటు చేశాను. ఈ విద్యాసంవత్సరం నుంచి మన ఉన్నత పాఠశాలలో ఆరో తరగతి మొదలుకొని పదో తరగతి వరకు, అన్ని సబ్జెక్టులకూ, పీరియడ్ ప్రణాళికను ఒకే నమూనాలో రాసుకుంటాం. మీ చేతుల్లో ఉన్న ఒక పేజీ కాగితమే ఆ నమూనా. విద్యాశాఖకు మనం సమర్పించే వార్షిక ప్రణాళికలు, యూనిట్ ప్రణాళికలు ఎప్పటిలాగే కొనసాగుతాయి. ఇది వాటికి పోటీ కాదు. తరగతి గదిలోకి అడుగుపెట్టే ముందు ఆ ఒక్క పీరియడ్ గురించి ఉపాధ్యాయుడు చేసే ఆలోచనకు ఇది చోటు కల్పిస్తుంది.

ప్రణాళిక అనగానే చాలామందికి తనిఖీ గుర్తొస్తుంది. రాయడం అధికారికి చూపించడానికేనన్న భావన మన వృత్తిలో బలంగా పాతుకుపోయింది. ఆ భావన పోవాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. కాబట్టి ఒక మాట ముందే ఇస్తున్నాను: ఈ కాగితాల మీద నేను మార్కులు వేయను, చేతిరాతను చూడను, పేజీలు నిండాయో లేదో లెక్కపెట్టను. మీ తరగతికి వచ్చి కూర్చున్నప్పుడు మాత్రం, ఈ రోజు పిల్లలు ఏం చేయగలగాలని మీరు అనుకున్నారో, అది జరిగిందో లేదో మీకు ఎలా తెలిసిందో అడుగుతాను. ఈ నమూనా అంతా ఆ రెండు ప్రశ్నల చుట్టూనే తయారైంది.

తరగతి, సెక్షన్, పాఠం, పీరియడ్ సంఖ్య రాసే పై వరుస గురించి చెప్పాల్సిందేమీ లేదు. దాని కింద ఉన్నది అభ్యసన ఫలితం. ఇక్కడ ఒకే వాక్యం రాయండి; ఆ వాక్యంలోని క్రియ కంటికి కనిపించే పనిని సూచించాలి. ‘విద్యార్థులు అర్థం చేసుకుంటారు’ అని రాస్తే, పీరియడ్ చివర ఎవరు అర్థం చేసుకున్నారో తేల్చడానికి మనకు ఆధారం ఉండదు. ‘పోలుస్తారు’, ‘పటం గీసి భాగాలు గుర్తిస్తారు’, ‘కారణం వివరిస్తారు’, ‘సొంత వాక్యంలో ప్రయోగిస్తారు’ అని రాస్తే అది చూడగలిగిన, వినగలిగిన పని అవుతుంది. 1956లో బెంజమిన్ బ్లూమ్, ఆయన సహచరులు రూపొందించిన బోధనా లక్ష్యాల వర్గీకరణను మనమందరం బీఈడీలో చదువుకున్నవాళ్లమే. పరీక్ష కోసం కంఠస్థం చేసిన ఆ వర్గీకరణ రోజువారీ పనికి వచ్చే చోటు ఈ ఒక్క వాక్యమే.

తరువాతి గడి ‘పిల్లలు తడబడే చోటు’. ఈ నమూనా మొత్తంలో నేను అన్నిటికంటే విలువైనదిగా భావించే గడి ఇదే కనుక దీని గురించి కొంచెం విస్తరించి చెబుతాను. దశాంశ భిన్నాలను పోల్చమంటే 0.3 కంటే 0.25 పెద్దదని చాలామంది పిల్లలు చెబుతారు. వారి దృష్టిలో మూడు కంటే ఇరవై ఐదు పెద్దది. ఇది లెక్కల మాస్టార్లకు కొత్త కాదు. అయితే, దశాంశ బిందువు తరువాత ఎక్కువ అంకెలుంటే సంఖ్య చిన్నదైపోతుందని నమ్మే పిల్లలు కూడా ఉంటారు. వారు ఇదే ప్రశ్నకు 0.3 పెద్దదని సరైన జవాబు చెబుతారు, కాని వారి ఆలోచన పూర్తిగా తప్పు. అదే పిల్లలకు 0.45, 0.3 ఇచ్చి పోల్చమంటే విషయం బయటపడుతుంది. ఒక్క ప్రశ్న వేసి, సరైన జవాబు విని ముందుకు సాగిపోతే, ఆ పిల్లల పొరపాటు పదో తరగతి వరకు వారితోనే నడిచి వస్తుంది. ఏ పొరపాటు రావచ్చో ముందుగా రాసుకున్న ఉపాధ్యాయుడు రెండు జతలూ సిద్ధంగా ఉంచుకుంటాడు. ఇటువంటి జ్ఞానం మన సీనియర్ ఉపాధ్యాయుల దగ్గర ఎంతో ఉంది. అది వారి పదవీ విరమణతో పాటు గేటు దాటి వెళ్లిపోకూడదు. ఈ గడిలో వారు రాసే రెండు వాక్యాలు రేపు కొత్తగా చేరే ఉపాధ్యాయుడికి ఏ శిక్షణ తరగతీ ఇవ్వలేనంత సాయం చేస్తాయి.

పూర్వజ్ఞానం గడిని పాఠ్యపుస్తకం చూసి కాకుండా మన పిల్లలను చూసి నింపండి. ఏడో తరగతిలో ఉష్ణం గురించి బోధించేటప్పుడు సముద్ర పవనాలు, భూపవనాలు వస్తాయి. విశాఖ పిల్లలకు ఆ గాలి పుస్తకంలోని విషయం కాదు, రోజూ ఒంటికి తగిలే విషయం. జాలరిపేటల నుంచి వచ్చే పిల్లలకు గాలి ఎప్పుడు ఏ వైపు తిరుగుతుందో మనకంటే బాగా తెలుసు. వారికి తెలియనిది కారణం మాత్రమే. ‘సముద్రం చల్లగా ఉంటుంది కాబట్టి గాలి అటునుంచి వస్తుంది’ అన్నదే వారి సహజమైన జవాబు. పగటికి అది కొంతవరకు సరిపోతుంది, రాత్రికి సరిపోదు. నేల త్వరగా వేడెక్కి త్వరగా చల్లబడుతుందని, నీరు రెండింటికీ ఎక్కువ సమయం తీసుకుంటుందని, అందువల్ల రాత్రివేళ నేలతో పోలిస్తే సముద్రమే వెచ్చగా ఉంటుందని వారు గ్రహించాలి. ఒక పళ్లెంలో బీచ్ ఇసుక, మరొక పళ్లెంలో నీళ్లు పోసి, రెండింటిలో థర్మామీటర్లు ఉంచి ఎండలో పెట్టి, తరువాత నీడలోకి మార్చి చూపించడానికి మనకు ప్రత్యేకమైన ప్రయోగశాల అక్కర్లేదు. చివరి ఐదు నిమిషాల్లో అడగవలసిన ప్రశ్న కూడా ఇక్కడి నుంచే పుడుతుంది: తెరచాప పడవ తెల్లవారకముందే సముద్రంలోకి బయలుదేరితే దానికి ఏ గాలి తోడ్పడుతుంది, ఎందుకు? దీనికి రెండు వాక్యాల్లో జవాబు రాసిన పిల్లవాడికి పాఠం అందినట్టే.

ఆ చివరి ప్రశ్నకే నమూనాలో ‘సరిచూసుకునే ప్రశ్న’ అని పేరు పెట్టాం. 45 నిమిషాల పీరియడ్‌లో చివరి ఐదు నిమిషాలను దీనికి కేటాయించండి. బోధన క్రమంలో మిగిలిన నిమిషాలను ఎలా పంచుకుంటారన్నది మీ సబ్జెక్టును బట్టి మీ ఇష్టం. తెలుగు పద్యానికి, రసాయన సమీకరణానికి ఒకే వరుస విధించడం తెలివైన పని కాదు. వ్యాయామ ఉపాధ్యాయులకు కూడా ఇదే కాగితం సరిపోతుందని నా నమ్మకం. ఒక నెల వాడి చూసి మాకు చెప్పండి. ప్రశ్నను మాత్రం తరగతికి వెళ్లే ముందే రాసుకోవాలి. అప్పటికప్పుడు ‘అర్థమైందా?’ అని అడిగితే తరగతి మొత్తం ‘అర్థమైంది’ అనే చెబుతుంది.

విద్యాహక్కు చట్టం, 2009లోని 24వ సెక్షన్ ఉపాధ్యాయుడి విధులను చెబుతూ, నిర్ణీత కాలంలో పాఠ్యాంశాన్నంతా పూర్తి చేయాలని అంటుంది. ప్రతి పిల్లవాడి అభ్యసన సామర్థ్యాన్ని అంచనా వేసి, అవసరమైతే అదనపు బోధన అందించాలని కూడా అంటుంది. మనం తొలి విధి గురించి చర్చించుకున్నంతగా రెండో విధి గురించి చర్చించుకోం. ఎవరికి అదనపు బోధన కావాలో రోజూ చిన్నగా గమనించుకోకపోతే, నిర్మాణాత్మక మూల్యాంకనం మార్కులు వచ్చేదాకా మనకు తెలియదు; అప్పటికి రెండు మూడు పాఠాలు దాటిపోయి ఉంటాం. అందుకే చివరి గడి ‘మర్నాటికి మిగిలింది’ని పీరియడ్ ముగిశాక నింపాలి. ఎవరెవరు ఎక్కడ ఆగిపోయారో, రేపు దేనితో మొదలుపెట్టాలో మూడు ముక్కల్లో రాస్తే చాలు.

మన ఊరికి సంబంధించిన మరొక అవసరం కూడా ఉంది. అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను హెచ్చరికలతో సెలవులు రావడం మనకు అలవాటే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పటి పరిస్థితి మనలో చాలామందికి గుర్తుంది. రోజులు తగ్గినప్పుడు ఏది తప్పక చెప్పాలి, దేన్ని కుదించవచ్చు అన్న నిర్ణయం హడావుడిలో జరగకూడదు. అందుకని అభ్యసన ఫలితం పక్కన చిన్న పెట్టె ఇచ్చాం. తరువాతి పాఠానికి పునాదిగా నిలిచే పీరియడ్ అయితే అందులో టిక్కు పెట్టండి. ఉపాధ్యాయుడు సెలవులో ఉన్నప్పుడు ఆ తరగతికి వెళ్లే సహోపాధ్యాయుడికి కూడా ఈ కాగితం ఉపయోగపడుతుంది. ఆయన సబ్జెక్టు వేరే అయినా, కనీసం సరిచూసుకునే ప్రశ్నను ఇచ్చి పిల్లల చేత జవాబులు రాయించగలరు. ఆ పీరియడ్ పిల్లలను నిశ్శబ్దంగా కూర్చోబెట్టడంతో గడిచిపోదు.

పనిభారం సంగతి దాటవేయను. హాజరు నమోదు, యాప్‌లు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఇన్ని ఉండగా ప్రతి పీరియడ్‌కూ కొత్తగా ఒక పేజీ రాయమంటే అది అన్యాయమే అవుతుంది. కాబట్టి రెండు సెక్షన్లకు బోధించేవారు ఒకే కాగితం రాసి, చివరి గడిని మాత్రం సెక్షన్ వారీగా వేరుగా నింపండి. ఒకే సబ్జెక్టుకు ఇద్దరున్న చోట పాఠాలు పంచుకోండి; ఒకరు రాసినది మరొకరు తమ తరగతికి తగినట్టు మార్చుకుని వాడుకోవచ్చు. సబ్జెక్టు వారీగా ఫైళ్లు స్టాఫ్ రూమ్ బీరువాలో ఉంటాయి. వచ్చే ఏడాది ఎవరూ తెల్లకాగితంతో మొదలుపెట్టనవసరం లేదు. ఈ ఏడాది కాగితం మీదే ఎర్ర సిరాతో దిద్దుకుంటే సరిపోతుంది. ఇక నుంచి నా వైపు నుంచి మీకు మరే విడి బోధన నోట్సు అడగడం ఉండదు.

ఈ నమూనా తుది రూపం కాదు. జూన్, జూలై నెలల్లో వాడి చూద్దాం. ఆగస్టు మొదటి శనివారం మళ్లీ కూర్చుని, ఏ గడి పనికిరావడం లేదో, ఏది లోపించిందో మీరే చెప్పండి. మీలో ఎక్కువమంది వద్దన్న గడిని తీసేస్తాను. ‘తడబడే చోటు’ గడిని మాత్రం వదులుకోవడానికి నేను అంత సులువుగా ఒప్పుకోనని ఇప్పుడే చెబుతున్నాను.

ఇప్పుడు మన లెక్కల మాస్టారు ఆరో తరగతి దశాంశ భిన్నాల తొలి పీరియడ్‌కు తాను రాసిన కాగితాన్ని బోర్డు మీద వివరిస్తారు. అది పూర్తయ్యాక ఒక్కో సబ్జెక్టు వారు ఒక్కో బల్ల దగ్గర చేరి, రేపటి మొదటి పీరియడ్‌కు ప్రణాళిక రాయండి. పాఠ్యపుస్తకాలు, ఖాళీ నమూనాలు బల్లల మీద ఉన్నాయి. మాస్టారూ, రండి.