ఈసారి డాక్టరు గారిని అడగాల్సినవి: నా మాత్రలు, వాటి ఇబ్బందులు, మానేయడం

డాక్టరు గారూ,

పోయినసారి మీరు చెప్పినదానికల్లా తలూపి వచ్చేశాను. బయట చెప్పులు వేసుకునేటప్పటికి అడగాల్సినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అందుకని ఈసారి రాసుకొచ్చాను. మా ఆవిడ కూడా వచ్చింది, మీరు చెప్పేది తను రాసుకుంటుంది. టైము తక్కువుంటే ★ పెట్టినవి మాత్రం తప్పకుండా చెప్పండి, మిగతావి మళ్లీ వచ్చినప్పుడు అడుగుతాను.

ఇప్పుడు నేను వేసుకుంటున్నవి

వయసు 44. కంగారు జబ్బుకి ఏడు నెలలుగా పొద్దున ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాములు, రాత్రి క్లోనజిపామ్ 0.5 మిల్లీగ్రాములు. బీపీకి టెల్మిసార్టన్ 40. మోకాలు నొప్పి పెట్టినప్పుడు వారానికి రెండు మూడు సార్లు ఐబుప్రోఫెన్. తుమ్ములు ఎక్కువైతే సెటిరిజిన్. ఈ చివరి రెండూ మీకు ఎప్పుడూ చెప్పలేదు. చీటీ లేకుండా కొనుక్కునేవి కదా, అవీ మందుల లెక్కలోకి వస్తాయని తట్టలేదు.

ఇంకో మాట. మందు తాగుతారా అని మీరు అడిగితే లేదన్నాను. అది నిజం కాదు. శనివారం రాత్రి రెండు పెగ్గులు తాగుతాను. ఆ రాత్రి కూడా మాత్ర వేసుకునే పడుకుంటున్నాను.

పోయిన నెలలో జరిగింది

ఊరికి వెళ్తూ మాత్రల డబ్బా ఇంట్లో మర్చిపోయాను. ‘ఏడు నెలలు వేసుకున్నాం, ఇప్పుడు బాగానే ఉంది కదా, ఇదే మానేయడానికి మంచి సమయం’ అనుకున్నాను కూడా. ఐదు రోజులు రెండు మాత్రలూ లేవు. బీపీ మాత్ర మాత్రం వేరే సంచిలో ఉంది, అది మానలేదు.

మొదటి రోజు ఏమీ తెలియలేదు. రెండో రాత్రి నుంచి నిద్ర పోయింది. మూడో రోజు చేతులు వణికాయి, చెమటలు పట్టాయి, పక్క గదిలో టీవీ మోత కూడా భరించలేకపోయాను. తల గబుక్కున తిప్పితే లోపల కరెంటు చురుక్కుమన్నట్టు ఉండేది. ఐదో రోజు గుండె దడ మొదలైంది, జబ్బు మళ్లీ తిరగబెట్టిందని భయపడ్డాను. ఆ రాత్రి ఇంటికి చేరగానే పాత మోతాదులోనే రెండూ మొదలుపెట్టాను. రెండు మూడు రోజుల్లో సర్దుకుంది.

★ అది జబ్బు తిరగబెట్టడమా, మాత్ర ఆపినందుకు వచ్చిందా? ఈ రెండిటికీ తేడా ఎలా తెలుస్తుంది? నాకు జబ్బు మొదలైనప్పుడు దడ, ఊపిరాడకపోవడం, చచ్చిపోతానన్న భయం ఉండేవి. ఆ కరెంటు కొట్టినట్టు ఉండడం, వెలుతురుకీ చప్పుడుకీ చిరాకు పడడం మాత్రం అప్పుడు లేవు. అందుకే ఇది మాత్ర ఆపినందుకే అయ్యుంటుందని నా అనుమానం.

★ రెండు మాత్రలూ ఒకేసారి ఆగాయి కాబట్టి ఏది దేనివల్ల వచ్చిందో నాకు తెలియడం లేదు. తల తిరగడం, కరెంటు కొట్టినట్టు ఉండడం ఎస్సిటాలోప్రామ్ లాంటి మందులు ఆపినప్పుడు వస్తాయని చదివాను. వణుకు, చెమటలు, నిద్రలేమి క్లోనజిపామ్ వల్లనా?

★ ఐదు రోజుల తర్వాత అదే మోతాదు మళ్లీ వేసుకోవడం సరైనదేనా? ఇకముందు ఎప్పుడైనా ఒక మాత్ర మర్చిపోతే ఏం చేయాలి? మర్నాడు రెండు వేసుకోకూడదని మాత్రం తెలుసు.

ఒక్కసారిగా మానితే ఎందుకు ప్రమాదం: నాకు అర్థమైనంత

దీన్ని నా మాటల్లో రాస్తున్నాను, తప్పుంటే దిద్దండి. మెదడులో కంగారును అణచడానికి గాబా అనే రసాయనం బ్రేకు లాగా పనిచేస్తుంది. క్లోనజిపామ్, ఆల్ప్రజోలామ్, లోరజిపామ్, డయజిపామ్, ఇవన్నీ ఒకే కుటుంబం. ఆ బ్రేకును ఇంకాస్త గట్టిగా పట్టేలా చేస్తాయి. వారాల తరబడి వాడితే ఈ సాయానికి మెదడు అలవాటు పడి, తన సొంత బ్రేకు పట్టును సడలిస్తుంది. అప్పుడు మాత్రను ఒక్క రోజులో తీసేస్తే బ్రేకు సడలిపోయి ఉంటుంది, బండి మాత్రం జోరు మీద ఉంటుంది. అందుకే ముందున్నదానికంటే ఎక్కువ కంగారు, వణుకు, నిద్రలేమి. తీవ్రమైతే ఫిట్స్, మతి తప్పడం, ప్రాణం మీదికి రావడం కూడా ఉంటుందని చదివాను. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో ఈ మందుల కాగితం మీద పెట్టెకట్టి మరీ ఈ హెచ్చరిక వేయించింది.

★ నాలాగా 0.5 వేసుకునేవాళ్లకి కూడా ఫిట్స్ వచ్చే అవకాశం ఉందా, లేక పెద్ద మోతాదు వాళ్లకేనా? చిన్నప్పుడు జ్వరంతో నాకు ఒకసారి ఫిట్స్ వచ్చిందని అమ్మ చెప్పేది. అది ఇప్పుడు లెక్కలోకి వస్తుందా?

ఆల్ప్రజోలామ్ శరీరంలోంచి త్వరగా పోతుంది కాబట్టి ఆపితే ఇబ్బంది త్వరగా మొదలవుతుందనీ, క్లోనజిపామ్ నెమ్మదిగా పోతుంది కాబట్టి కాస్త ఆలస్యంగా మొదలవుతుందనీ అంటారు. నాకు మొదటి రోజు ఏమీ తెలియకపోవడానికి కారణం ఇదేనా? అలాగైతే ‘మొదటి రోజు బాగానే ఉంది, ఇక ఫర్వాలేదు’ అనుకోవడమే నేను చేసిన తప్పు.

శరీరం అలవాటు పడడం వేరు, వ్యసనం వేరు అంటారు. మా అన్నయ్య మాత్రం ‘నువ్వు మాత్రలకు బానిసైపోయావు’ అంటాడు. ఇంకా కావాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు, చెప్పిన మోతాదు దాటలేదు. నాది ఏ కోవలోకి వస్తుందో ఒక్క మాట చెప్పండి. అన్నయ్యకి నేనే చెప్పుకుంటాను.

ఇబ్బందులు

పొద్దున పదింటి దాకా తల బరువుగా ఉంటోంది. నేను లెక్కలు చూసే ఉద్యోగం చేస్తాను. ఒక అంకె చూసి పక్క కాగితంలో రాసేలోపు మర్చిపోతున్నాను. ఇది రాత్రి మాత్ర వల్లనేనా? తగ్గిస్తే జ్ఞాపకం మామూలుకు వస్తుందా? పొద్దున బండి నడుపుతున్నాను, నడపొచ్చా?

★ మా ఆవిడ చెప్పమన్నది: నేను రాత్రి గురక పెద్దగా పెడుతున్నానట, మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతోందట. క్లోనజిపామ్ శ్వాసను మందగింపజేస్తుంది కదా. ముందు నిద్ర పరీక్ష చేయించాలా? శనివారం పెగ్గులు కూడా కలిస్తే ఇంకా ప్రమాదం అని ఇప్పుడు అర్థమైంది, మానేస్తాను. ఎన్ని రోజులకు ఒకసారైనా తాగొచ్చు అని బేరం ఆడడం లేదు, ఎందుకు వద్దో మాత్రం ఒకసారి మా ఆవిడ ముందు చెప్పండి.

సెటిరిజిన్ వేసుకుంటే మత్తు ఎక్కువవుతోంది. వేరే ఏదైనా ఉందా? దగ్గు సిరప్‌ల సంగతి కూడా చెప్పండి. ఐబుప్రోఫెన్, ఎస్సిటాలోప్రామ్ కలిస్తే కడుపులో రక్తస్రావం అవకాశం పెరుగుతుందట. మోకాలికి పారాసిటమాల్‌తో సరిపెట్టుకోనా? పంటి డాక్టరు దగ్గరికి పోయినసారి వెళ్తే ట్రమడాల్ రాశారు, అదృష్టం కొద్దీ కొనలేదు. ట్రమడాల్ నా రెండు మాత్రలతోనూ పడదని తర్వాత తెలిసింది. వేరే డాక్టరు ఏ మందు రాసినా ముందుగా ఏం చెప్పాలో ఒక చీటీ మీద రాసిస్తే జేబులో పెట్టుకుంటాను.

ఇది నోటితో అడగలేక రాస్తున్నాను. ఈ మాత్రలు మొదలుపెట్టాక పడకమీద ఆసక్తి తగ్గింది, ఆలస్యం కూడా అవుతోంది. ఎస్సిటాలోప్రామ్ వల్ల ఇలా రావడం మామూలేనా? మోతాదు మారిస్తే తగ్గుతుందా, మందే మార్చాలా? నిజం చెప్పాలంటే మాత్రలు మానేయాలని అంత తొందరపడడానికి సగం కారణం ఇదే.

ఒళ్లు కూడా నాలుగు కిలోలు పెరిగింది. ఇది మందా, నా తిండా అన్నది నాకే అనుమానం, కాబట్టి దీని మీద ఎక్కువ టైము వద్దు.

మానడం ఎలా

★ నేను మానాలనుకుంటున్నాను, కానీ నా అంతట నేను మానను. ఇప్పుడు మొదలుపెట్టొచ్చా, ఇంకొన్నాళ్లు ఆగాలా? మార్చిలో ఆఫీసులో లెక్కల ముగింపు, అప్పుడు నిద్రే ఉండదు. ఆ నెల దాటాక మొదలుపెడితే మేలేమో.

★ రెండిటిలో ముందు ఏది తగ్గించాలి? రెండూ ఒకేసారి ముట్టుకోకూడదని పోయిన నెల తెలిసొచ్చింది. క్లోనజిపామ్ ముందు తగ్గించి, అది పూర్తయ్యాక ఎస్సిటాలోప్రామ్ సంగతి చూద్దామంటారా?

★ ఎంత చొప్పున? 2025లో అమెరికా వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన సూచనల్లో, మొదట 5 నుంచి 10 శాతం, రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి తగ్గించమనీ, రెండు వారాల్లో 25 శాతం దాటొద్దనీ ఉంది. నా మాత్ర సగం విరిస్తే ఒకేసారి 50 శాతం పోయినట్టే కదా. తక్కువ మోతాదు మాత్ర రాస్తారా, లేక ద్రవరూపంలో దొరుకుతుందా? రోజు విడిచి రోజు వేసుకోమని మందుల షాపులో ఒకరు చెప్పారు. అది మంచిది కాదని నా అనుమానం, మీరేమంటారు?

తగ్గించేటప్పుడు ఒక మెట్టు దగ్గర కష్టమైతే అక్కడే ఆగిపోవచ్చా? కొంచెం వెనక్కి వెళ్లడం తప్పా? ఆ మధ్యలో కంగారు పెరిగితే మాటలతో చేసే చికిత్స, అదే కౌన్సెలింగ్, ఇప్పటినుంచే మొదలుపెట్టుకోవాలా? మాత్రలు తగ్గించేటప్పుడు అది తోడుంటే తేలిక అని విన్నాను. మొదట్లో మీరు చెప్పారు కూడా, అప్పుడు నేనే టైము లేదన్నాను.

థైరాయిడ్ పరీక్ష ఎప్పుడూ చేయలేదు. దడ, వణుకు దానివల్ల కూడా వస్తాయట. ఒకసారి చేయించమంటారా?

★ తగ్గించే రోజుల్లో ఏం జరిగితే మీకు ఫోను చేయాలి, ఏం జరిగితే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి? ఫిట్స్, లేనివి కనిపించడం, మతి తప్పడం, చచ్చిపోవాలన్న ఆలోచన, వీటికి ఆగకుండా వెళ్లిపోవాలని మా ఆవిడకి చెప్పి ఉంచాను. ఇంకేమైనా ఉంటే చెప్పండి, తను రాసుకుంటుంది. రాత్రి పూట ఏ నంబరుకు చేయాలో కూడా.

ఇక చివరిది. క్లోనజిపామ్ మాత్రలు ఇంకా తొమ్మిదే ఉన్నాయి. చీటీ గడువు పోయింది, షాపులో ఇక ఇవ్వలేమన్నారు. ఈరోజు కొత్త చీటీ రాయకపోతే పదో రోజున మళ్లీ మొన్నటి పరిస్థితే.