జబాల చెప్పిన జవాబు

ఛాందోగ్యోపనిషత్తు నాలుగో అధ్యాయం, నాలుగో ఖండం. బ్రహ్మచర్యానికి వెళ్లబోతున్న సత్యకాముడు తల్లిని అడుగుతాడు: నాది ఏ గోత్రం? జబాల ఇలా అంటుంది: "నాయనా, నీది ఏ గోత్రమో నాకు తెలియదు. యౌవనంలో ఎంతో తిరుగుతూ, పరిచారికగా ఉన్నప్పుడు నిన్ను పొందాను. అందుకే నీ గోత్రం తెలియదు. నా పేరు జబాల, నీ పేరు సత్యకాముడు. సత్యకామ జాబాలుణ్ణని చెప్పు."

ఈ కథ చదవగానే నా నోటికి మొదట వచ్చిన మాట 'సింగిల్ మదర్'. ఆ మాటను పక్కన పెట్టాను. అది మన కాలపు చట్టాల్లోంచి, మన కాలపు ఇబ్బందుల్లోంచి పుట్టిన మాట. జబాలకు పెళ్లయిందో లేదో, బిడ్డ తండ్రి ఎవరో, ఆమెకు ఇష్టమై జరిగిందో బలవంతాన జరిగిందో మూలంలో ఒక్క ముక్క కూడా లేదు. లేనిదాన్ని నేను నింపితే అది నా కథ అవుతుంది, ఆమెది కాదు.

అయితే ఆ ఖాళీని అందరూ నింపుతూనే వచ్చారు. శంకరుల భాష్యంలో జబాల భర్త ఇంట్లో అతిథులకు సేవ చేస్తూ తీరిక లేక గోత్రం అడగలేదు, ఆ రోజుల్లోనే భర్త పోయాడు. ఆధునికులు చాలామంది ఆమె ఎందరో పురుషుల మధ్య బతికిందని చదివారు. మూలం "బహ్వహం చరన్తీ పరిచారిణీ". 'బహు' అంటే ఇక్కడ 'ఎంతగానో' అని. ఎందరో మగవాళ్లని చెప్పాలంటే 'బహూన్' అనాలి. భర్త ఇల్లూ ఆ వాక్యంలో లేదు, ఎందరో పురుషులూ లేరు. ఉన్నవి రెండే: తిరగడం, సేవ చేయడం.

ఇంకో చోట కూడా తొందరపడ్డాను. తల్లి పేరుతో కొడుకును పంపడం పితృస్వామ్యం మీద తిరుగుబాటు అని రాసుకున్నాను. తర్వాత బృహదారణ్యకం చివర్లో ఉన్న గురుపరంపర (6.5) తీసి చూస్తే పౌతిమాషీపుత్రుడు, కాత్యాయనీపుత్రుడు, గౌతమీపుత్రుడు... వరసగా తల్లుల పేర్లే! అంటే తల్లి పేరుతో పిలవడం ఆనాడు వింత కాదు. తిరుగుబాటు అన్న మాట కొట్టేశాను. కానీ ఒక తేడా మిగిలింది. ఆ జాబితాలో ఎవరూ గోత్రం అడగడం లేదు. ఇక్కడ గోత్రం అడిగితే జవాబుగా తల్లి పేరు వచ్చింది. అంతవరకు గట్టిగా చెప్పగలను.

ఇక నేను పట్టుకున్న ప్రశ్న ఒకటే: ఈ కథలో ఎవరి మాట ఎవరి ఖాతాలోకి వెళ్లింది?

సత్యకాముడు హారిద్రుమత గౌతముడి దగ్గరికి వెళ్లి తల్లి మాటల్ని దాదాపు అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతాడు, అమ్మ నాతో ఇలా అంది అని చెప్పి మరీ. గౌతముడు విని, "అబ్రాహ్మణుడు ఇలా చెప్పలేడు. సమిధ తీసుకురా నాయనా, నీకు ఉపనయనం చేస్తాను. నువ్వు సత్యం తప్పలేదు" అంటాడు. మెచ్చుకోలు ఏకవచనం, కొడుక్కే. కొడుకు దాచకుండా చెప్పాడు, నిజమే. కానీ దాచుకోవడానికి అసలు కారణం ఉన్న మనిషి ఆమె, ముందు దాచకుండా చెప్పిందీ ఆమె. ఆ నిజాయితీ గౌతముడి తర్కంలో ఆమె గుణంగా కాక, బ్రాహ్మణత్వానికి గుర్తుగా మారింది. తర్వాత శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో (1.3.37) ఇదే ఘట్టాన్ని శూద్రులకు విద్యాధికారం లేదనడానికి ఆధారం చేసుకున్నారు. గోత్రం తెలియదని చెప్పిన ఒక పరిచారిక మాట మీద అలాంటి తలుపు కట్టడం చూస్తే నాకు బాధేస్తుంది. ఆ బాధ నాది, ఉపనిషత్తుది కాదు. అందుకే విడిగా చెబుతున్నాను.

ఆ తర్వాత జబాల కథలో కనిపించదు. సత్యకాముడికి ఎద్దు, అగ్ని, హంస, ఒక నీటిపక్షి బోధిస్తాయి.

పదో ఖండానికి వచ్చేసరికి సత్యకాముడే గురువు. శిష్యుడు ఉపకోసలుడు పన్నెండేళ్లు అగ్నుల్ని సేవించాడు, అయినా గురువు విద్య చెప్పడు. అప్పుడు సత్యకాముడి భార్య (ఆమెకు పేరు లేదు) అంటుంది: "ఈ బ్రహ్మచారి తపించిపోయాడు. అగ్నుల్ని చక్కగా సేవించాడు, చెప్పండి." ఆయన చెప్పకుండానే ప్రయాణమై పోతాడు. ఆమె వాడిన క్రియ 'పరిచచారీత్'. జబాల తనను తాను చెప్పుకున్న 'పరిచారిణీ'లో ఉన్న ధాతువే అది.

ఉపనిషత్తు ఈ రెండు చోట్లనూ కావాలని కలిపిందని నేను అనను. అలా అనడానికి ఆధారం లేదు. పక్కపక్కన పెట్టి చూస్తున్నది నేను. ఉపకోసలుడు చేసిన పరిచర్యకు అగ్నులే కరిగి బ్రహ్మవిద్య చెప్పాయి. జబాల చేసిన పరిచర్య, కొడుకు గోత్రం ఎందుకు తెలియదో చెప్పే కారణంగా మాత్రమే మిగిలింది.